పరగడుపున మామూలు, సాయంత్రం 270: మూడు మందుల మధ్య చిక్కుకున్న షుగర్

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. మానసిక సమస్యకు రెండేళ్లుగా రాత్రిపూట ఒలాంజపిన్ 10 మి.గ్రా. వాడుతున్నారు. అది మొదలుపెట్టినప్పుడు 68 కిలోలు ఉండేవారు, ఇప్పుడు 77. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. కలిసిన మాత్ర ఏడాదిగా వేసుకుంటున్నారు. నాలుగు వారాల క్రితం కంటి లోపల వాపు (యువియైటిస్) అని చెప్పి, కంటి డాక్టరు ఉదయం పూట ప్రెడ్నిసొలోన్ 40 మి.గ్రా. రాశారు. వచ్చే సోమవారం నుంచి వారానికి 5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తామన్నారు. పది రోజులుగా దాహం ఎక్కువైంది, రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారు. ల్యాబులో పరగడుపున 101, హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చాయి. భయపడాల్సింది లేదన్నారు. ఒలాంజపిన్‌కు ముందు పరగడుపున 88, ఆరు నెలల క్రితం 104 ఉండేది. కానీ మా అన్నయ్య గ్లూకోమీటరుతో సాయంత్రం నాలుగింటికి చూస్తే 274, మర్నాడు 261 చూపించింది. ఆ మానసిక మాత్రల వల్లే షుగర్ వచ్చిందని బంధువులు అనేసరికి ఆయన రెండు రోజులుగా ఒలాంజపిన్ మానేశారు. డాక్టరుకు చెప్పలేదు. నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. ఇంతకీ ఏ మందు ఆపాలి? ఏ పరీక్షను నమ్మాలి?

సమాధానం: షుగర్ సంగతికి వెళ్లే ముందు ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. మానసిక వైద్యుడికి ఫోన్ చేసి, రెండు రాత్రులు ఒలాంజపిన్ వేసుకోలేదని, నిద్ర పట్టడం లేదని, నాలుగు వారాలుగా ప్రెడ్నిసొలోన్ 40 మి.గ్రా. వాడుతున్నారని, ఈ మూడు విషయాలనూ కలిపి చెప్పండి. మూడోది ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు. అసలు మెలిక అక్కడే ఉంది. ప్రెడ్నిసొలోన్ ఒక స్టెరాయిడ్. ఎక్కువ మోతాదులో వాడినప్పుడు అది మనసు మీద కూడా పనిచేస్తుంది. నిద్రలేమి, అలజడి, కొందరిలో ఉన్మాదం, భ్రమలు కూడా కలుగుతాయి. ఆసుపత్రిలో చేరి ప్రెడ్నిసోన్ వాడిన రోగులపై జరిగి, 1972లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఇలాంటి తీవ్రమైన మానసిక లక్షణాలు రోజుకు 40 మి.గ్రా. వరకు వాడినవారిలో 1.3 శాతం మందికి, 80 మి.గ్రా. దాటినవారిలో 18.4 శాతం మందికి కనిపించాయి. ముందునుంచే మానసిక సమస్య ఉన్న మనిషి, స్టెరాయిడ్ వాడుతున్న ఇదే నెలలో తనను కాపాడుతున్న మాత్రను మానేయడం పెనం మీది నుంచి పొయ్యిలో పడటం లాంటిది. ఇప్పటి నిద్రలేమి స్టెరాయిడ్ వల్ల వచ్చిందా, ఒలాంజపిన్ ఆపినందువల్ల వచ్చిందా, పాత జబ్బు తిరగబెడుతోందా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చగలిగేది కాదు. ఒలాంజపిన్ రెండు రోజులు తప్పితే సాధారణంగా పాత మోతాదులోనే తిరిగి మొదలుపెట్టమంటారు కానీ, ఆ మాట వైద్యుడి నుంచే రావాలి. ఇదే జాతికి చెందిన క్లోజపిన్ అయితే 48 గంటలు దాటి ఆగినప్పుడు మళ్లీ చిన్న మోతాదు నుంచి మెల్లగా పెంచుకుంటూ రావలసి ఉంటుంది. అందుకే ఒక మందుకు చెప్పిన సలహాను మరో మందుకు వర్తింపజేయకూడదు.

ఇక ఏ పరీక్షను నమ్మాలన్న ప్రశ్న. మీ ఇంట్లోని గ్లూకోమీటరూ తప్పు చెప్పలేదు, ల్యాబూ తప్పు చెప్పలేదు. రెండూ వేర్వేరు వేళల్లో చూశాయి, అంతే. ఉదయం ఎనిమిదింటికి వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్‌పై చూపే ప్రభావం నాలుగు గంటల తరువాత పుంజుకుని, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గరిష్ఠంగా ఉండి, రాత్రి గడిచేకొద్దీ తగ్గుతుంది. ఆ వేళల్లో కాలేయం మామూలు కంటే ఎక్కువ గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినవు, క్లోమం కూడా అవసరమైనంత ఇన్సులిన్ విడుదల చేయలేదు. కాబట్టి మధ్యాహ్న భోజనం తరువాత వచ్చే గ్లూకోజును ఒంట్లో ఏ అవయవమూ సరిగా తీసుకోలేదు. తెల్లవారేసరికి మందు ప్రభావం సన్నగిల్లుతుంది, రాత్రంతా ఆహారమూ ఉండదు కనుక పరగడుపు పరీక్ష మామూలుగానో, మామూలుకు దగ్గరగానో వస్తుంది. ఉదయం పూట స్టెరాయిడ్ వేసుకునేవారికి పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి ‘భయం లేదు’ అనడం నేను తరచుగా చూసే పొరపాటు. వర్షం సాయంత్రం పడుతుంటే ఉదయం కిటికీలోంచి చూసి పడలేదనడమే అది.

హెచ్‌బీఏ1సీ కూడా ఇక్కడ ఆలస్యంగా మేలుకునే సాక్షి. అది సుమారు రెండు మూడు నెలల సగటును చెబుతుంది, అందులో చివరి నెల వాటా దాదాపు సగం. 6.0 అంటే సగటున 126 ప్రాంతం. నాలుగు వారాలుగా ప్రతి మధ్యాహ్నం 270 దాకా ఎక్కి, రాత్రి వందకు దిగుతూ, అంతకుముందు రెండు నెలలు మామూలుగా ఉన్న రక్తానికి ఆ సగటు రావడంలో వింత లేదు. సగటు లోతు ఆధారంగా ఏటిలో దిగరాదు కదా. మీవారి దాహానికి, రాత్రి లేవడానికి కారణం కూడా ఆ సాయంత్రపు అంకెలోనే ఉంది. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటాక మూత్రపిండాలు దానిని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. గ్లూకోజు మూత్రంలోకి జారుతూ నీటిని కూడా వెంట లాక్కుపోతుంది. లక్షణాలు ఉన్నప్పుడు ఏ వేళలో తీసినా ల్యాబు రక్తపరీక్ష 200 లేదా ఆపైన వస్తే దానిని మధుమేహంగానే లెక్కించాలి. కనుక రేపే, మధ్యాహ్న భోజనం తరువాత రెండు గంటలకు ల్యాబులో రక్తం ఇచ్చి, ఆ కాగితంతో మీ కుటుంబ వైద్యుడిని గానీ, స్టెరాయిడ్ రాసిన డాక్టరును గానీ కలవండి. వచ్చే సోమవారం దాకా ఆగవద్దు.

ఈలోగా మూడు రోజుల అంకెలు ఇంట్లోనే రాయండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: నిద్రలేవగానే, మధ్యాహ్న భోజనానికి ముందు, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు. పక్కన ఆ రోజు ప్రెడ్నిసొలోన్ ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి వేసుకున్నారు అన్నది కూడా రాయాలి. అది లేకపోతే అంకెలకు అర్థం ఉండదు. వేలు గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. వేలికి అంటిన పండ్ల రసం లాంటిది కూడా అంకెను అమాంతం పెంచుతుంది. స్ట్రిప్పులు గడువు తీరినవి కాకూడదు, డబ్బా మూత గట్టిగా ఉండాలి. అనుమానంగా తోచిన అంకె వస్తే చేతులు మళ్లీ కడుక్కుని మరో వేలితో చూడండి. ఉదాహరణకు ఆ కాగితంలో వరసగా 99, 150, 278, 230 అని వచ్చాయనుకుందాం. ఇది స్టెరాయిడ్ రాసే సంతకం. అలా కాకుండా నిద్రలేవగానే కూడా 150 దాటి వస్తుంటే, స్టెరాయిడ్‌కు తోడు మరో కారణం కూడా బలంగా ఉందని అర్థం.

ఇప్పుడు బంధువుల మాట ఎంతవరకు నిజమో చూద్దాం. అది పూర్తిగా అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. మీరు జాగ్రత్తగా దాచుకున్న పాత రిపోర్టులే దీనికి సమాధానం చెబుతున్నాయి. ఒలాంజపిన్‌కు ముందు పరగడుపున 88, స్టెరాయిడ్ మొదలవడానికి చాలా ముందే 104. అంటే ప్రెడ్నిసొలోన్ ఇంట్లో అడుగుపెట్టకముందే షుగర్ మెల్లగా పైకి నడుస్తోంది. 68 కిలోల మనిషికి ఐదు శాతమంటే 3.4 కిలోలు. ఈ జాతి మందులపై 2004లో అమెరికన్ మధుమేహ, మానసిక వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం, బరువు ఐదు శాతం పెరిగినప్పుడే మందు మార్పు గురించి ఆలోచించాలి. మీవారు ఆ గీతను ఎప్పుడో దాటారు, కానీ ఎవరూ ఆగి చూసినట్లు లేదు. అదే పత్రం, మందు మొదలయ్యే ముందు బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వు పరీక్షలు చేసి, 4, 8, 12 వారాలకు బరువు, 12 వారాలకు షుగర్ మళ్లీ చూసి, ఆ తరువాత బరువును మూడు నెలలకోసారి, షుగర్‌ను కనీసం ఏడాదికోసారి చూడమంటుంది. అయితే పరగడుపు అంకె ఆరు నెలల నాటి 104 నుంచి ఇప్పుడు 101 దగ్గరే నిలిచి ఉంది కదా. కాబట్టి ఈ నెలలో కొత్తగా ఎక్కిన సాయంత్రపు 270కి ప్రధాన బాధ్యత స్టెరాయిడ్‌దే. ఒలాంజపిన్ నేలను వాలుగా చేసి పెట్టింది, ప్రెడ్నిసొలోన్ ఆ వాలు మీద బండిని తోసింది.

ఒలాంజపిన్ ఆపితే రెండు రోజుల్లోనో, రెండు వారాల్లోనో ఈ సాయంత్రపు అంకె దిగదు. ఆ మందు ఎక్కువగా బరువు పెంచడం ద్వారా, కొంతమేర నేరుగా ఇన్సులిన్ పనితీరును మందగింపజేయడం ద్వారా షుగర్‌ను పెంచుతుంది. పెరిగిన తొమ్మిది కిలోలు మాత్ర మానగానే పోవు. అందుచేత ఆపడం వల్ల నష్టం వెంటనే వస్తుంది, లాభం మాత్రం నెలలు గడిచాక వస్తే వస్తుంది. ఇక్కడ మీ ముందు ఉన్న దారులు ఇవి. మొదటిది, ఒలాంజపిన్‌ను అలాగే కొనసాగిస్తూ షుగర్‌కు విడిగా చికిత్స తీసుకోవడం. స్టెరాయిడ్ నడుస్తున్నంత కాలం నేను మొగ్గు చూపేది దీనివైపే. రెండోది, స్టెరాయిడ్ పూర్తయి మనసు నిలకడగా ఉన్న తరువాత, షుగర్, బరువుల మీద తక్కువ ప్రభావం చూపే అరిపిప్రజోల్ వంటి మందుకు వారాల తరబడి మెల్లగా మారడం. పాతది తగ్గిస్తూ కొత్తది పెంచే ఆ కాలంలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎంతోకొంత ఉంటుంది, పైగా కొందరికి కొత్త మందు పాతదానంత బాగా పనిచేయదు. అంతకుముందు ఎన్ని మందులు విఫలమై ఒలాంజపిన్ దాకా వచ్చారో ఆయన వైద్యుడికే తెలుసు. మూడోది, ఒలాంజపిన్ ఉంచి మెట్‌ఫార్మిన్ జోడించడం. ఇది బరువును కొంత తగ్గిస్తుంది, దీర్ఘకాలంలో షుగర్‌కూ మంచిదే. కానీ అది నెమ్మదిగా పనిచేస్తుంది, ఈ వారపు 270ను దించడానికి దాని మీద ఆశ పెట్టుకోకూడదు. దానికి ముందు మూత్రపిండాల పరీక్ష కూడా చూసుకోవాలి.

ప్రెడ్నిసొలోన్ విషయంలో మాత్రం ‘ఆపడం’ అనే దారి మీ చేతుల్లో లేదు. మూడు వారాలు దాటి ఇంత మోతాదు వాడినప్పుడు, శరీరం సహజంగా తయారుచేసుకునే కార్టిసాల్ ఉత్పత్తి నిద్రలోకి జారుకుంటుంది. హఠాత్తుగా మానేస్తే విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. కంటి వాపు తిరగబెడితే చూపుకే ముప్పు. షుగర్ భయంతో ఆయన ఈ మాత్రను కూడా దాచేయకుండా చూడండి. కంటి డాక్టరును మీరు అడగదగిన ప్రశ్న వేరు: తగ్గించే వేగం ఇంతేనా, స్టెరాయిడ్ అవసరాన్ని తగ్గించే మెథోట్రెక్సేట్ వంటి ఇతర మందులకు ఇక్కడ చోటుందా? రెండింటికీ వాటి వాటి పరీక్షలు, దుష్ప్రభావాలు ఉన్నాయి కాబట్టి అది ఆయన కంటి పరిస్థితిని బట్టి తీసుకునే నిర్ణయం. ఒకటి మాత్రం మీరే చూసుకోవచ్చు. మాత్ర మొత్తం ఉదయమే వేసుకోవడం మంచిది. దానిని రెండు పూటలకు విడగొడితే షుగర్ రాత్రి కూడా దిగక, నిద్ర మరింత పాడవుతుంది.

బీపీ మాత్రలోని థయజైడ్ ఈ ముగ్గురిలో చిన్న దోషి. ఆ మందు మూత్రంలోకి పొటాషియంను పోగొడుతుంది. పొటాషియం తగ్గినప్పుడు క్లోమం ఇన్సులిన్‌ను సరిగా విడుదల చేయలేదు. ఈ ప్రభావం మోతాదును బట్టి పెరుగుతుంది, 12.5 మి.గ్రా. దగ్గర అది సాధారణంగా స్వల్పమే. 2002లో వెలువడిన ఆల్‌హాట్ అనే పెద్ద అధ్యయనంలో, అంతకుముందు మధుమేహం లేనివారిలో నాలుగేళ్ల తరువాత దానిని కొత్తగా గుర్తించింది థయజైడ్ తరహా క్లోర్‌థాలిడోన్ వాడిన వర్గంలో 11.6 శాతం మందికి, ఆమ్లోడిపిన్ వర్గంలో 9.8 శాతం మందికి, లిసినోప్రిల్ వర్గంలో 8.1 శాతం మందికి. తేడా ఉంది, కానీ అది ఏళ్ల మీద తేలే తేడా. అయినా మీవారి విషయంలో దీనిని పట్టించుకోమనడానికి రెండు కారణాలున్నాయి. స్టెరాయిడ్ కూడా పొటాషియంను తగ్గిస్తుంది. టెల్మిసార్టన్ దానిని కొంత నిలబెడుతుంది కనుక చివరికి లెక్క ఎటు తేలిందో రక్తపరీక్షలోనే తెలుస్తుంది. రెండోది, షుగర్ వల్ల ఇప్పటికే నీరు పోతున్న ఒంటి నుంచి ఈ మందు మరింత నీటిని తోడుతుంది. అందుకని రేపటి రక్తంతోనే పొటాషియం, సోడియం, క్రియాటినిన్ కూడా చూపించండి. పొటాషియం 4 ప్రాంతంలో ఉండి, క్రియాటినిన్ మామూలుగా ఉంటే మాత్ర అలాగే ఉంచవచ్చు. పొటాషియం 3.5 కంటే తగ్గినా, నిలబడినప్పుడు కళ్లు తిరుగుతున్నా, థయజైడ్ బదులు ఆమ్లోడిపిన్ వంటిది ఇవ్వడం గురించి వైద్యుడు ఆలోచించవచ్చు. బీపీ మాత్రను మీ అంతట మీరు మానేస్తే మాత్రం ప్రమాదమే, ఎందుకంటే ప్రెడ్నిసొలోన్ బీపీని కూడా పెంచుతుంది.

షుగర్‌కు మందు మొదలుపెట్టినప్పుడు, అది ఎక్కువైన వేళకు సరిపోయేదై ఉండాలి. మధ్యాహ్నం, సాయంత్రం మాత్రమే 270 ఎక్కే మనిషికి, ఉదయం ప్రెడ్నిసొలోన్‌తో పాటే ఇచ్చే మధ్యకాలిక ఇన్సులిన్ (ఎన్‌పీహెచ్) బాగా అమరుతుంది, ఎందుకంటే రెండూ దాదాపు ఒకే వేళలో ఎక్కి దిగుతాయి. ఇన్సులిన్ పేరు వినగానే ఇక జీవితాంతం తప్పదని దిగులుపడతారు చాలామంది. ఇక్కడ అది స్టెరాయిడ్‌తో వచ్చి, చాలాసార్లు స్టెరాయిడ్‌తో పాటే వెళ్లే అతిథి. అంకెలు మరీ ఎక్కువ కాకపోతే మాత్రలతో ప్రయత్నించవచ్చు, కానీ రోజంతా ఇన్సులిన్‌ను తోడే గ్లిమెపిరైడ్ వంటి మాత్రతో ఒక చిక్కుంది. రాత్రి స్టెరాయిడ్ ప్రభావం దిగిపోయాక కూడా అది పనిచేస్తూ తెల్లవారుజామున షుగర్‌ను పడగొట్టవచ్చు. రాత్రి పడుకునే ముందు ఇచ్చే దీర్ఘకాలిక ఇన్సులిన్‌దీ ఇదే తీరు. సాయంత్రపు 270 చూసి దాని మోతాదు పెంచితే తెల్లవారి 60 కనిపిస్తుంది. పైగా ఒలాంజపిన్ మత్తులో నిద్రపోతున్న మనిషికి షుగర్ పడిపోతున్న చెమట, వణుకు తెలియకపోవచ్చు. ఏ మందు రాసినా, ‘ఇది తెల్లవారుజామున ఎంతవరకు దించుతుంది?’ అని వైద్యుడిని తప్పక అడగండి.

ప్రమాద సూచనలు తెలిసి ఉండాలి. అంకె 300 దాటి, చేతులు కడిగి మళ్లీ చూసినా అలాగే ఉండి, దానితో పాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మాట తడబడటం, మత్తుగా ఉండటం వంటివి ఏ ఒక్కటి కనిపించినా అది ఆసుపత్రికి వెళ్లవలసిన సమయం. అక్కడ రక్తంలోనో మూత్రంలోనో కీటోన్లు కూడా చూస్తారు. ఒలాంజపిన్ వాడేవారి ఇంట్లో ఈ మత్తు విషయంలో సులువుగా పొరబడతారు. ‘ఆ మాత్ర వేసుకుంటే ఎప్పుడూ ఇలాగే నిద్రపోతారు’ అని ఊరుకుంటారు. ఎప్పటి నిద్ర వేరు, లేపితే సరిగా పలకని నిద్ర వేరు. అనుమానం వచ్చిన ప్రతిసారీ వేలు గుచ్చి చూడండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీరు నిలవనప్పుడు థయజైడ్ ఉన్న ఈ బీపీ మాత్రను కొద్దిరోజులు ఆపమంటారు. ప్రెడ్నిసొలోన్‌ను మాత్రం ఆపకూడదు, మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మీకు అసలు పని సోమవారం మొదలవుతుంది. ప్రెడ్నిసొలోన్ 40 నుంచి 35కు దిగుతుంది, తరువాతి వారం 30కి. 40 నుంచి 30కి రావడమంటే నాలుగో వంతు తగ్గడం. ఇన్సులిన్ ఇస్తుంటే అది కూడా సుమారు అంతే నిష్పత్తిలో తగ్గాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. స్టెరాయిడ్ తగ్గించే కాగితం ఒక డాక్టరు దగ్గర, ఇన్సులిన్ కాగితం మరొకరి దగ్గర ఉండి, ఒకరి కాగితం మరొకరు చూసుకోని ఇళ్లలోనే నేను ఎక్కువగా ఈ పడిపోవడాన్ని చూశాను. ప్రతి మోతాదు మారిన రెండు మూడు రోజులకు మీ నాలుగు గడుల కాగితాన్ని షుగర్ చూస్తున్న డాక్టరుకు ఫోనులోనైనా చదివి వినిపించండి. ఉదయం అంకె 80 లోపు రావడం మొదలైతే అదే రోజు చెప్పాలి. షుగర్ మందు వేసుకుంటున్నంత కాలం నాలుగు వేళలా చూడండి. మందు అవసరం లేదని తేలితే మధ్యాహ్న భోజనం తరువాతి పరీక్ష ఒక్కటి రోజూ చాలు. స్టెరాయిడ్ పూర్తయ్యాక కూడా వారం పది రోజులు చూసి, అంకెలన్నీ మామూలయ్యాక ఇంట్లో వేలు గుచ్చడం ఆపవచ్చు.

చివరి ప్రెడ్నిసొలోన్ మాత్ర వేసుకున్న తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, పరగడుపు షుగర్ మళ్లీ చేయించండి. స్టెరాయిడ్ నీడ తొలగిన రక్తం అప్పుడే దొరుకుతుంది. ఆ హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన, పరగడుపు అంకె 126 లేదా ఆపైన ఉంటే మధుమేహం నిలిచిపోయినట్టే, చికిత్స కొనసాగాలి. 5.7 లోపు, 100 లోపు వస్తే ఈ నెలంతా స్టెరాయిడ్ ఆటే. రెండింటికీ మధ్యలో, అంటే ఆరు నెలల నాటి 104 దగ్గరే నిలిస్తే, అది ఒలాంజపిన్, తొమ్మిది కిలోల బరువు మిగిల్చిన లెక్క. మానసిక వైద్యుడి ముందు కూర్చుని మందు మార్పు మాట ఎత్తవలసింది ఆ కాగితంతోనే.